ఆ డైనింగ్ టేబుల్ ఆయనతో జాగ్రత్త! అడ్వాన్స్ పేరుతో కార్డు కొట్టేస్తున్నాడు

మన డల్లాస్ గ్రూపుల్లో "మూవింగ్ సేల్, అర్జెంట్" అని వారానికోసారి పోస్టు పెట్టే ఆయన తెలుసుగా, ఆయనే. ఆరు కుర్చీల టేబుల్, 180 డాలర్లు. ఫోటోలు బాగున్నాయి, మాట బాగుంది, నా బుద్ధే బాగోలేదు.

"ఇంకో ఇద్దరు అడుగుతున్నారక్కా, 40 డాలర్లు అడ్వాన్స్ వేస్తే మీకే ఉంచుతా" అని లింకు పంపాడు. డెబిట్ కార్డు నంబరు, ఎక్స్‌పైరీ, వెనకున్న మూడంకెలు అన్నీ కొట్టాను. క్రెడిట్ కార్డు పర్సులోనే ఉంది, అది తియ్యాలని తోచలేదు మహాతల్లికి.

పేజీ తిరుగుతూనే ఉంది. అంతలో ఆయన ఫోన్. "మీ బ్యాంకు నుంచి కోడ్ వచ్చుంటుంది అక్కా, ఆ పేజీ మొరాయిస్తోంది, నాకు చెప్పెయ్యండి, నేను ఎంటర్ చేస్తా." నేను ఒక్క క్షణం ఆగాను. నిజంగా ఆగాను. "అయ్యో, అక్కా అని పిలిచి మోసం చేస్తానా? టైమ్ అయిపోతోంది" అని నవ్వాడు. వెనకాల చిన్నపిల్లాడి ఏడుపు కూడా వినిపించింది. పాపం సంసారి అనుకుని ఆరంకెలూ చదివేశాను. "థాంక్స్ అక్కా" అన్నాడు. ఆ "థాంక్స్" తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

ఆ మెసేజ్‌లో అంకెల ముందు ఏముందో సాయంత్రం కానీ చదవలేదు. ఈ కార్డును మొబైల్ వాలెట్‌లో చేర్చడానికి కోడ్, ఎవరికీ చెప్పవద్దు. చేర్చడానికి! 40 డాలర్లు కట్టడానికి కాదు. అసలు ఆ 40 కట్ అవ్వనే లేదు. కట్ అయినవి 487, 502 డాలర్లు, నేనెప్పుడూ అడుగుపెట్టని ఊళ్ళో ఒక షాపులో, ఫోన్ ట్యాప్ చేసి. మీ కార్డు వాలెట్‌లో చేరింది అని బ్యాంకు ఈమెయిల్ కూడా పంపింది. ప్రమోషన్ల మధ్యలో పడుంది.

బ్యాంకుకు ఫోన్ చేస్తే ఆవిడ తాపీగా "కోడ్ మీరే ఇచ్చారు కదండీ, మా సిస్టమ్‌లో వెరిఫైడ్ అనే ఉంది" అంది. యాప్‌లో కార్డు లాక్ చేశాను కదా, ఇక చాలా అని అడిగితే అప్పుడు చెప్పింది: ఆయన ఫోన్లో ఉన్నది నా కార్డు నంబరు కాదట, దాని బదులు ఆ ఫోన్ కోసమే ఇచ్చిన వేరే నంబరు, టోకెన్ అంటారట. దాన్ని విడిగా తీసెయ్యాలట. కొత్త కార్డు తెప్పించుకున్నా టోకెన్ తియ్యకపోతే అది కొత్త కార్డుకు అతుక్కుపోవచ్చట. నేను అడగకపోతే ఈ ముక్క చెప్పేదే కాదు.

కొత్త కార్డు వచ్చాక కసి కొద్దీ నా ఫోన్లో నేనే యాడ్ చేసి చూశాను, జీవితంలో మొదటిసారి. వాలెట్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కాలి. కార్డు కెమెరాకు చూపించాలి, లేదా నంబరు కొట్టాలి. ఎక్స్‌పైరీ, మూడంకెలు, షరతులకు ఒప్పుకోలు. తర్వాత కాసేపు తిరుగుతుంది. ఆ లోపల బ్యాంకు నిర్ణయిస్తుంది: నేరుగా ఒప్పుకోవాలా, వద్దనాలా, ఇంకో పరీక్ష పెట్టాలా అని. నాకు పరీక్షే పెట్టింది, మెసేజా, ఫోన్ కాలా అని అడిగింది. మెసేజ్ అన్నాను. వచ్చింది చూడండి, అక్షరం తేడా లేకుండా అదే మెసేజ్! అంటే ఆ రోజు నేను లింకులో కొడుతుంటే వాడు తన ఫోన్లో ఇదే స్క్రీన్ మీద కూర్చున్నాడన్నమాట. ఒక్క కోడ్ తక్కువ, అది నేను దానం చేశాను. నా సొంత ఫోన్లో ఒక్కసారైనా చేసి ఉంటే ఆ మెసేజ్ చూడగానే పట్టేసేదాన్ని. ఇప్పుడు కార్డు వివరాల్లోకి వెళ్తే, ప్లాస్టిక్ కార్డు చివరి నాలుగంకెలు వేరు, ఈ ఫోన్లో కార్డుకిచ్చిన నంబరు చివరి నాలుగు వేరు. టోకెన్ అంటే అదీ.

డిస్ప్యూట్ వేశాను. డెబిట్ కాబట్టి డబ్బు నా చెకింగ్ లోంచే పోయింది, అద్దె డబ్బు. నడుస్తోంది.

మీలో ఎవరైనా ఇలా చిక్కుకుంటే, ఉత్త "బ్లాక్ చెయ్యండి" అనకండి, వాలెట్ టోకెన్లన్నీ తీసెయ్యమని అడగండి. తెలిసిన రెండు పనిదినాల లోపు రిపోర్ట్ చేస్తే, డెబిట్ కార్డులకు వర్తించే ఫెడరల్ రూల్ రెగ్యులేషన్ ఇ ప్రకారం మన మీద పడేది మామూలుగా 50 డాలర్లు దాటదు. "కోడ్ మీరే ఇచ్చారు" అంటే, మోసం చేసి లాక్కున్నారు, ఆ కొనుగోళ్ళకు నేను అనుమతి ఇవ్వలేదు అని రాతపూర్వకంగా పెట్టండి. టేబుల్ పోస్టు ఇంకా గ్రూపులోనే ఉంది, రిపోర్ట్ కొట్టండి.