బీన్స్‌కు ఏది మేలు: ఉడకబెట్టడమా, ఆవిరా, మైక్రోవేవా?

మా చెల్లెలు ఐదో నెలలో తిరుపతికి, మా ఇంటికి వచ్చింది. డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ మాత్రలతో పాటు ఆకుకూరలు, పచ్చని కూరగాయలు బాగా తినమని రాసిచ్చింది. అదే ఇంట్లో మా మామయ్యకు రెండేళ్ళ కిందట కిడ్నీలో రాయి వచ్చింది. ఆయనకు పాలకూర తగ్గించమని చెప్పారు. ఒకే పొయ్యి మీద ఇద్దరికీ వండాలి. ఏ కూరను ఎలా ఉడికిస్తే ఎవరికి మంచిదో తేల్చుకోక తప్పలేదు.

ముందు బీన్స్‌తో మొదలుపెట్టాను. పలమనేరు, వి.కోట వైపు నుంచి వచ్చే లేత బీన్స్ రైతు బజారులో దొరుకుతాయి. విరిస్తే టక్కుమనేవి ఆరువందల గ్రాములు తెచ్చి, పీచు తీసి, అంగుళం ముక్కలుగా కోసి మూడు సమాన భాగాలు చేశాను. ఒక భాగాన్ని లీటరు నీళ్ళు బాగా మరిగాక వేసి, మూత పెట్టకుండా ఐదు నిమిషాలు ఉడికించాను. రెండో భాగాన్ని ఇడ్లీ పాత్రలో చిల్లుల పళ్ళెం మీద పరిచి, ఆవిరి బాగా వచ్చాక ఎనిమిది నిమిషాలు ఉంచాను. మూడో భాగాన్ని గాజు గిన్నెలో వేసి, రెండు పెద్ద స్పూన్ల నీళ్ళు చల్లి, పైన పింగాణీ ప్లేటు మూసి 800 వాట్ల మైక్రోవేవ్‌లో పెట్టాను. రెండు నిమిషాలకు ఒకసారి తీసి కలిపి, మళ్ళీ రెండు నిమిషాలు తిప్పి, తీశాక మూత తియ్యకుండా ఇంకో రెండు నిమిషాలు వదిలేశాను.

మూడూ మూడు పళ్ళేల్లో పెట్టి చూస్తే, రంగులో గెలిచింది నేను అనుకోనిదే. నీళ్ళలో ఉడికినవి చిలకపచ్చగా మెరుస్తున్నాయి. మైక్రోవేవ్‌వి దాదాపు అంతే పచ్చగా ఉన్నా, గిన్నె అంచున ఉన్న నాలుగైదు ముక్కలు ముడతలు పడ్డాయి. ఆవిరివి కొంచెం ముదురుగా కనిపించాయి. నోట్లో వేసుకుంటే మాత్రం వరస మారింది. ఆవిరి ముక్కలో బీన్స్ రుచి నిండుగా ఉంది, కొరికితే చిన్న కరకర వినిపించింది. నీళ్ళవి అన్నీ ఒకే మెత్తదనంతో ఉన్నాయి కానీ రుచి పల్చబడింది. మైక్రోవేవ్‌లో రుచి బాగానే నిలిచింది కానీ, ఒక ముక్క మెత్తగా ఉంటే పక్క ముక్క గట్టిగా ఉంది.

రంగు సంగతి ఇది. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం అణువు నడుమ మెగ్నీషియం ఉంటుంది. కూరగాయ వేడెక్కగానే కణాలు పగిలి, లోపల దాచుకున్న పులుపు బయటికి వస్తుంది. ఆ పులుపు మెగ్నీషియాన్ని తోసేస్తే పచ్చ రంగు పోయి ఖాకీ రంగు మిగులుతుంది. మొదటి నిమిషంలో ముక్కలు ఒక్కసారిగా మెరవడం అందరూ చూసే ఉంటారు. కణాల మధ్య ఉన్న గాలి బుడగలు పోయి లోపలి రంగు స్పష్టంగా కనబడడం వల్ల అలా అవుతుంది. ఆ తర్వాత కొన్ని నిమిషాలకు రంగు వెలిసిపోవడం మొదలవుతుంది. నీళ్ళు ఎక్కువగా ఉంటే పులుపు పల్చబడుతుంది, మూత లేకపోతే ఆవిరితో పాటు కొంత బయటికి పోతుంది. ఇడ్లీ పాత్రకు మూత తప్పదు కాబట్టి పులుపు ముక్కల మీదే తిరుగుతూ ఉంటుంది. అందుకే ఆవిరికి టైము చాలా ముఖ్యం. ఒకసారి ఫోన్ మాట్లాడుతూ పావుగంట దాకా మూత తియ్యలేదు. తీసి చూస్తే బీన్స్ ఎండిన గడ్డి రంగులోకి దిగిపోయాయి.

పెళ్ళి వంటల్లో ఈ రంగు కోసమే కొందరు చిటికెడు వంట సోడా వేస్తారు. రంగు నిజంగానే నిలుస్తుంది, ఎందుకంటే సోడా ఆ పులుపును చంపేస్తుంది. కానీ విటమిన్ సి, బి1 సోడా తగిలితే త్వరగా నశిస్తాయి, ముక్క కూడా జావలా జిగటగా మారుతుంది. ఇంట్లో ఆ పని చెయ్యొద్దు. చింతపండు, టమాటా దీనికి ఎదురు. అవి పచ్చదనాన్ని చంపుతాయి, ముక్కను మెత్తబడనివ్వవు కూడా. పులుసులో బీన్స్ ఎంతసేపటికీ ఉడకలేదంటే పులుపు ముందే పడిందని అర్థం. ముక్క ఉడికాకే పులుపు పొయ్యాలి. మా వీధిలో బోరు నీళ్ళు గట్టి నీళ్ళు, కందిబేడలు కూడా సరిగ్గా ఉడకవు. ఆ నీళ్ళలోని కాల్షియం కూరగాయల్నీ కొంత బిగబట్టిస్తుంది. ఉడకబెట్టాలనుకునే వాళ్ళు తాగే నీళ్ళు వాడడం మంచిది.

ఇక పోషకాలు. బీన్స్ తీశాక గిన్నెలో మిగిలిన నీళ్ళు లేత పసుపు రంగులో, బీన్స్ వాసనతో ఉన్నాయి. ఆ రంగు పత్రహరితానిది కాదు, అది నీళ్ళలో కరగదు. నీళ్ళలో కరిగే మిగతా పదార్థాలు దిగడం వల్ల ఆ రంగు వచ్చింది. విటమిన్ సి, ఫోలేట్, ఇతర బి విటమిన్లు, కొంత పొటాషియం ఆ వరసలోవే. వేడికి నశించేది ఒక భాగమైతే, నీళ్ళలోకి దిగిపోయేది పెద్ద భాగం. నీళ్ళు ఎంత ఎక్కువైతే, ముక్క ఎంత చిన్నదైతే, ఎంతసేపు ఉంటే అంత దిగుతుంది. ఉడకబెట్టి వారిస్తే విటమిన్ సి మూడో వంతు నుంచి సగం దాకా పోవడం మామూలే. ఆవిరిలో, తక్కువ నీళ్ళ మైక్రోవేవ్‌లో పోయేది దీనికన్నా చాలా తక్కువ.

మా చెల్లెలికి ముఖ్యమైనది ఫోలేట్, మాత్రల్లోని ఫోలిక్ యాసిడ్‌కు కూరల్లో ఉండే రూపం అదే. 2002లో ఇంగ్లండ్‌లో ప్రచురించిన ఒక పరీక్షలో పాలకూరను మామూలుగా ఉడకబెట్టి వారిస్తే ఫోలేట్ సుమారు 49 శాతమే మిగిలింది. బ్రోకలీలో 44 శాతం మిగిలింది. ఆవిరి మీద వండినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ నష్టం లేదు. అందుకే ఆమెకు పాలకూర ఇడ్లీ పాత్రలోనే. ఆకు పల్చన కాబట్టి మూడు, నాలుగు నిమిషాలు చాలు. ఇంతకన్నా సులువైన దారి ఇంకొకటి ఉంది: పాలకూరను కందిబేడలతో వేసి పప్పు చేస్తే నీళ్ళు పారబోసే పనే లేదు, దిగినది కూరలోనే ఉంటుంది. కూర ఎంత జాగ్రత్తగా వండినా అది మాత్రలకు బదులు కాదు. మాత్ర మానకూడదు.

మైక్రోవేవ్ పోషకాల్ని చంపేస్తుందని మా అత్తమ్మకు గట్టి నమ్మకం. ఈ మాటకు ఊతమిచ్చింది 2003లో స్పెయిన్ పరిశోధకులు బ్రోకలీ మీద చేసిన ఒక పరీక్ష. మైక్రోవేవ్‌లో ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు 97 శాతం పోయాయని, ఆవిరిలో 11 శాతమే పోయాయని అందులో తేలింది. ఆ అంకె ఎక్కడెక్కడో తిరిగింది, కానీ గిన్నెలో ఏముందో ఎవరూ చెప్పలేదు. 150 గ్రాముల బ్రోకలీకి 150 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, బాగా శక్తి ఉన్న మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాలు వండారు. అన్ని నీళ్ళలో వండితే మైక్రోవేవ్ కూడా ఉడకబెట్టినట్టే. యంత్రంలోని తరంగాలు ముక్కలోని నీటి అణువుల్ని కదిలించి వేడి పుట్టిస్తాయి, అంతకుమించి విటమిన్ల మీద వేరే పగ లేదు. రెండు స్పూన్ల నీళ్ళతో, మూతతో, తక్కువ టైములో చేస్తే అది ఆవిరికి దగ్గర చుట్టమే. నీళ్ళు తక్కువ కాబట్టి గిన్నె అడుగున మిగిలిన చెంచాడు రసాన్ని కూడా కూరలోనే పోసేయొచ్చు.

మైక్రోవేవ్ అసలు లోపం సమంగా వేడెక్కకపోవడం. తరంగాలు ముక్కలోకి రెండు, మూడు సెంటీమీటర్లు మాత్రమే బలంగా వెళ్తాయి, పైగా గిన్నెలో ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పడతాయి. మూత లేకపోతే అంచు ముక్కల్లోని తడి ముందే ఆవిరైపోయి రబ్బరులా సాగుతాయి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి, మధ్యలో ఒకసారి కలపాలి, దించాక రెండు నిమిషాలు వదిలెయ్యాలి. ఆ రెండు నిమిషాల్లో వేడి ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పాకుతుంది. మూత తీసేటప్పుడు ముఖానికి దూరంగా, అవతలి వైపు నుంచి ఎత్తండి, ఆవిరి గట్టిగా కొడుతుంది. ఇద్దరికి సరిపడా వండితే మైక్రోవేవ్ చక్కగా ఉంటుంది. ఆరుగురికి కిలో బీన్స్ అంటే అది వద్దు, ఇడ్లీ పాత్రే నయం.

ఇప్పుడు మామయ్య దగ్గరికి వస్తే, లెక్క తల్లకిందులవుతుంది. చాలామందిలో వచ్చే కిడ్నీ రాళ్ళు కాల్షియం ఆక్సలేటువి, ఆయనదీ అదే. పాలకూరలో ఆక్సలేటు చాలా ఎక్కువ, అందులో నీళ్ళలో కరిగే భాగం పెద్దది. ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి వారిస్తే ఆ కరిగే భాగం బాగా తగ్గుతుంది, ఆవిరిలో అంతగా తగ్గదు. అంటే చెల్లెలికి నష్టమైన పనే మామయ్యకు లాభం. ఆయన అరుదుగా ఎప్పుడైనా ఆశపడితే, కొద్దిగా తీసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి, పిండి, ఆ నీళ్ళు పారబోస్తాను. వార్చాక కూడా ఆక్సలేటు కొంత మిగిలే ఉంటుంది కాబట్టి, డాక్టరు పూర్తిగా వద్దన్నవాళ్ళు ముట్టుకోకూడదు. బీన్స్‌తో ఈ బాధ అంతగా లేదు.

బీన్స్ ఉడికించిన నీళ్ళు మొదటిరోజు సింకు దగ్గరికి తీసుకెళ్తుంటే అత్తమ్మ ఆపింది. "ఎందుకమ్మా పారబోస్తావ్? చారులోకి వస్తాయి కదా" అంది. ఆమె అన్నది సరైన మాటే. ఉలవల కట్టుతో చారు పెట్టే ఇంట్లో బీన్స్ నీళ్ళు వృథా చెయ్యడం ఏమిటి? వేడికి నశించింది తిరిగి రాదు కానీ, దిగినదంతా ఆ నీళ్ళలోనే ఉంది. పాలకూర నీళ్ళు మాత్రం మామయ్య ఉన్న ఇంట్లో చారులోకి వద్దని చెప్పాను, ఆమె ఒప్పుకుంది.

క్యారెట్‌కు ఈ టెన్షన్ అక్కర్లేదు. అందులోని బీటా కెరోటిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఎలా ఉడికించినా అది చాలావరకు ఉంటుంది, ఉడికితే పచ్చిదానికన్నా ఒంటికి బాగా అందుతుంది కూడా. తాలింపులో ఒక స్పూను నూనె ఉంటే చాలు.

బీన్స్‌ను మాత్రం ఇప్పుడు ఆవిరి మీదే చేస్తున్నాను, అది కూడా ఎనిమిది కాకుండా ఆరు నిమిషాలే. తర్వాత ఆవాలు, ఉద్దిబేడలు, ఎండుమిరపకాయలు తాలింపు పెట్టి, కొబ్బరి వేసి పొరియల్ చేసేటప్పుడు బాణలిలో ఇంకో రెండు నిమిషాలు ఉడుకుతాయి. పాత్రలోంచి తీసిన వెంటనే ముక్కల్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెడతాను. కుప్పగా ఉంచితే వాటి వేడికే అవి ఉడుకుతూనే ఉంటాయి, పచ్చ రంగు పళ్ళెంలోనే పోతుంది. చల్లటి నీళ్ళలో ముంచడం నాకు ఇష్టం లేదు, అక్కడ మళ్ళీ కొంత నీళ్ళలోకి దిగుతుంది.