ఫొటో తీస్తే లెక్క చేసి చూపే యాప్: ఏడాది పైగా వాడిన తర్వాత

మా అబ్బాయి తొమ్మిదో తరగతి సగంలో ఉండగా, నోటుబుక్కులోని లెక్కను ఫొటో తీస్తే మెట్టు మెట్టుగా చేసి చూపే యాప్‌ను నా ఫోన్‌లో వేసుకున్నాను. దేవరకొండలో మా వీధి దగ్గర గణితం ట్యూషన్ లేదు, నా చదువు పదో తరగతితోనే ఆగింది. అందుకని ఫోన్ వాడి చేతికివ్వకుండా, వాడు పడుకున్నాక హోంవర్కు పేజీని ఫొటో తీసి, ముందు నేను నేర్చుకుని పొద్దున చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు వాడు పదో తరగతి. ఒక రాత్రి 2x² − 5x − 3 = 0 అనే వర్గ సమీకరణాన్ని ఫొటో తీశాను. యాప్ మొదట సూత్రంలో వేసి జవాబు ఇచ్చింది. బడిలో సారు అడిగిన కారణాంక పద్ధతి వేరే మీట కింద ఉంది. అందులో −5xను −6x + xగా విడదీసి చూపింది గానీ, ఆ −6, 1 ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేదు. ఈ యాప్‌లో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే.

దాంతో జవాబు నుంచి వెనక్కి వచ్చాను. (2x + 1)(x − 3)ను కాగితం మీద గుణిస్తే 2x², −6x, x, −3 అని నాలుగు ముక్కలు వచ్చాయి. మధ్య రెండింటి గుణకాలు −6, 1ని గుణిస్తే −6. చివరలవి 2, −3ని గుణించినా అదే −6. రెండు వైపులా ఉన్నవి అవే 2, 1, 1, −3 కాబట్టి లబ్ధం మారదని అప్పుడు అర్థమైంది. అంటే గుణిస్తే −6, కూడితే −5 అయ్యే రెండు సంఖ్యలను వెతకాలి. పొద్దున "ఇవెట్ల దొరికినయ్ అమ్మా?" అని వాడు అడిగినప్పుడు ఈ గుణకారమే వేసి చూపించాను.

గళ్ల నోటుబుక్కుతో మాత్రం జాగ్రత్త అవసరం. నిలువు గీత మీద పడిన మైనస్‌ను యాప్ ప్లస్‌గా చదువుతుంది. ఇదే లెక్కను మరోసారి తీసినప్పుడు చివరి −3ను +3గా తీసుకుని, ఒక్క మెట్టూ తప్పకుండా 1, 3/2 అని జవాబిచ్చింది. xకు 1 వేసి నోటుబుక్కులోని లెక్కను చూస్తే 2 − 5 − 3 = −6 వచ్చింది, సున్న కాలేదు. అప్పటినుంచి తెల్లకాగితం మీద తిరగరాసి ఫొటో తీస్తున్నాను. యాప్ చదివిన మొదటి వరుసను నోటుబుక్కుతో పోల్చాకే మెట్లు చూస్తున్నాను.

తెలుగులో ఉన్న రాత లెక్కలను నేను వాడిన యాప్ చదవలేదు. పొలం పొడవు వెడల్పు కన్నా 5 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 84 చదరపు మీటర్లు అంటే, వెడల్పును x అనుకుని x² + 5x − 84 = 0 అని మేమే రాసుకోవాలి. ఫొటో తీస్తే 7, −12 రెండూ ఇస్తుంది. వెడల్పు −12 మీటర్లు ఉండదని కొట్టేసి, 7 ఉంచింది మా అబ్బాయే.