మూడేళ్లుగా వాడుతున్న కలర్ కాంట్రాస్ట్ అనలైజర్: పాస్ అన్నంత మాత్రాన నమ్మకండి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మేముండే అపార్ట్‌మెంట్ లాబీలో ఒక టీవీ ఉంది, దానిమీద వచ్చే నోటీసుల స్క్రీన్ చేసింది నేనే (అసోసియేషన్ వాళ్లు అడిగితే కాదనలేక). ఈ టూల్ నా చేతికొచ్చింది కూడా అప్పుడే. ఫ్రీ, విండోస్‌లో మ్యాక్‌లో రెండిట్లో నడుస్తుంది, అక్షరం రంగు ఒకటి బ్యాక్‌గ్రౌండ్ రంగు ఒకటి ఇస్తే రేషియో చెప్తుంది. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా పెట్టిన WCAG అనే స్టాండర్డ్ ప్రకారం మామూలు సైజు అక్షరాలకి 4.5 ఉండాలి, పెద్దవాటికి, అంటే 24 పిక్సెల్స్, ఆపైన ఉన్నవాటికి, 3 చాలు.

నేను పెట్టింది ముదురు టీల్ రంగు మీద తెల్ల అక్షరాలు, `#00796B` మీద `#FFFFFF`. టూల్ 5.3 చూపించింది, పాస్. ఫాంట్ వెయిట్ 300, సైజు 14, నా ల్యాప్‌టాప్‌లో సన్నగా నాజూగ్గా భలే ఉంది. టీవీలో వేశాక రెండో రోజే మా పై ఫ్లోర్ అంకుల్ లిఫ్ట్ దగ్గర ఆపి "బాబూ, ఆ నోటీసులో ఒత్తులు కనబడట్లేదు, 'మెట్లు' అని రాశావో 'మెటు' అని రాశావో" అన్నారు.

సరే అని టీవీకి ల్యాప్‌టాప్ కలిపి టూల్‌లో ఉన్న ఐడ్రాపర్‌తో అక్షరం మీదే రంగు తీశా. రంగు తెలుపు రాలేదు! `#99C9C4` లాంటిదేదో వచ్చింది, దాంతో రేషియో 2.9. ముందు టూల్ చెడిపోయిందనుకున్నా. తీరా చూస్తే విషయం ఏంటంటే, వెయిట్ 300లో ఆ సైజుకి గీత మందం ఒక పిక్సెల్ కూడా ఉండట్లేదు, ఓ అరవై శాతమే ఉంటే బ్రౌజర్ ఆ పిక్సెల్‌కి అరవై వంతులు తెలుపు నలభై వంతులు టీల్ కలిపి వేస్తుంది (దీన్నే యాంటీ ఏలియాసింగ్ అంటారు), అంటే మనం కోడ్‌లో తెలుపు అని రాసినా స్క్రీన్ మీద ఎక్కడా అసలు తెలుపు లేదన్నమాట. నా ల్యాప్‌టాప్‌లో పిక్సెల్స్ దట్టంగా ఉంటాయి కాబట్టి అదే గీతకి ఒక పిక్సెల్ పైనే దొరుకుతుంది, అందుకే నాకు తేడా తెలియలేదు. మన తెలుగులో ఒత్తులు అసలు అక్షరం కంటే చిన్నవి కదా, ముందు పోయేది అవే.

ఇందులో టూల్ తప్పేం లేదు. స్టాండర్డ్‌లోనే యాంటీ ఏలియాసింగ్ లేనట్టు అనుకుని కొలవొచ్చని ఉంది, ఫార్ములాకి ఫాంట్ మందం సంగతి పట్టదు. బోల్డ్ అయితే పెద్ద అక్షరం కింద కాస్త సడలింపు ఇస్తారు, సన్నగా ఉంటే మాత్రం అదనంగా ఏమీ అడగరు. నా కంప్లైంట్ అక్కడే. అందుకని నేనిప్పుడు రెండు సార్లు కొలుస్తా: ఒకసారి కోడ్‌లో ఉన్న రంగులు, ఇంకోసారి పాత మానిటర్ మీద అతి సన్నగా ఉన్న గీత నడిమధ్య నుంచి తీసిన రంగు. రెండోది నియమం కాదు, నా జాగ్రత్త. బ్యాక్‌గ్రౌండ్ `#004D40` చేస్తే మొదటి లెక్క 9.8 వచ్చింది, అదే సన్న గీతతో లెక్కేసినా 4.6 దగ్గర నిలబడింది. అయినా వెయిట్ 500కి మార్చేశా, ఒత్తులతో చెలగాటం వద్దని.

ఇంకో గొడవ కూడా అదే స్క్రీన్‌లో. మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్ల నంబర్లు కింద నల్ల పట్టీలో ఎర్రగా వేశా, `#FF0000`. రేషియో 5.25, మళ్లీ పాసే. మా బ్లాక్‌లో ఒకాయనకి కలర్ బ్లైండ్‌నెస్, ఎరుపు పట్టే కణాలే ఉండవు, ప్రొటానోపియా అంటారు. ఆయన ఆ పట్టీ ఖాళీగా ఉందనుకున్నారట, బకాయి మూడు నెలలు! (కట్టకపోవడానికి అది సాకేమో అని మా సెక్రటరీకి ఇప్పటికీ డౌటే.) కానీ ఆయన చెప్పింది నిజమే, అలాంటివాళ్లకి అచ్చ ఎరుపు చాలా మసగ్గా, నలుపుకి దగ్గరగా కనిపిస్తుంది. ఫార్ములా మాత్రం మామూలు కంటి లెక్కతో ఎరుపుకి దాని వెలుగు వాటా ఇచ్చేస్తుంది. టూల్‌లోనే కలర్ బ్లైండ్ సిమ్యులేషన్ ఉంది, నేనే ఎప్పుడూ తెరవలేదు. మొత్తం పేజీ చూడాలంటే క్రోమ్ డెవ్‌టూల్స్‌లో Rendering ట్యాబ్‌లో `Emulate vision deficiencies` ఇంకా సులువు. ఎరుపు తీసేసి `#FFB300` పెట్టా, అందులో ఆకుపచ్చ కూడా కలిసుంటుంది కాబట్టి ఆయనకీ వెలుగుగా ఆనుతుంది, పక్కన "బకాయి" అని మాట కూడా రాశా.

ఫొటో మీద గానీ గ్రేడియంట్ మీద గానీ అక్షరాలుంటే ఈ టూల్ ఒక చుక్కనే చూస్తుంది, కాంట్రాస్ట్ అన్నిటికంటే తక్కువగా ఉన్న చోటు మనమే వెతికి తీసుకోవాలి, విసుగు పని. అయిదుకి నాలుగు ఇస్తా. ఆ బకాయి ఆయన పోయిన వారమే కట్టేశారు, ఇప్పుడు పట్టీలో మా సెక్రటరీ ఫ్లాట్ నంబరొక్కటే వెలుగుతోంది.