మంచం ఎదుట బీరువానా, తలుపు పక్కన బీరువానా?

మిత్రుడు చేత్తో గీసిన ప్లాన్‌ను ఫోటో తీసి పంపాడు. గది 10 అడుగులు, 12 అడుగులు. కానీ ఫోటో ఏటవాలుగా తీయడంతో 12 అడుగుల గోడే పొట్టిగా కనబడుతోంది. అందుకే స్కేలు పెట్టి కొలవలేదు, రాసిన అంకెలనే నమ్మాను.

10 అడుగుల గోడకు ఎడమ మూలన మూడడుగుల తలుపు, ఎదురుగోడకు కిటికీ. మంచం వెడల్పు 5 అడుగులు; పరుపు ఆరున్నరే అయినా తలాపి చెక్కతో కలిపి పొడవు 7. తల కుడిగోడకే.

అతని ఆలోచన: బీరువా ఎడమగోడకు, మంచం ఎదుట. చూడ్డానికి బాగుంటుంది. కానీ 7కు బీరువా లోతు 2 కలిపితే మిగిలేది ఒక్క అడుగు! అడుగున్నర బీరువా తలుపు మంచానికి తగులుతుంది. జరిపే తలుపులు పెట్టినా నిలబడేదెక్కడ?

నా ఆలోచన: ఆరడుగుల బీరువా తలుపున్న గోడకే, కుడి మూలన. మంచానికీ బీరువాకీ మధ్య 3 అడుగులు, కిటికీ వైపు 2, కాళ్ల దగ్గర 3. నడవడానికి చాలు.

ఒక్క చిక్కుంది. ప్లాన్‌లో తలుపు తిరిగే వంపు గీయలేదు. బందులు ఎడమ మూలనుంటే తలుపు గోడకు ఆనుకుంటుంది. కుడివైపుంటే బీరువా అంచుకు కొట్టుకుంటుంది, నేలకు స్టాపర్ తప్పదు. బందులు ఎటున్నాయో చూసి చెప్పమన్నాను.