5జీ గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోతే: 4జీకి దిగడం మేలా, అక్కడే ఆగడం మేలా?

ఫోను పైభాగాన 5జీ అని కనిపిస్తుంది. పక్కన గీతలన్నీ నిండుగా ఉంటాయి. అయినా వాట్సాప్‌లో పంపిన ఫొటో కదలదు, యూపీఐ చెల్లింపు తిరుగుతూనే ఉంటుంది. నెల్లూరు జిల్లా తీరంలో రొయ్యల గుంటల మీద పనిచేసేవారికి, ప్రకాశంలో హైవే నుంచి లోపలికి ఉన్న ఊళ్లవారికి ఇది బాగా పరిచయమైన చికాకు. అలాంటప్పుడు మన ముందు మూడు దారులు ఉంటాయి. 5జీలోనే ఉండి కాసేపు ఆగడం, సెట్టింగ్స్‌లోకి వెళ్లి 4జీకి దిగడం, ఇంకా కిందికి 3జీకో 2జీకో దిగడం. ఏది మేలన్నది మనం నిలబడిన చోటును బట్టి మారుతుంది. గుంట గట్టు మీద 4జీ మేలు. రొట్టెల పండుగ జనంలో 5జీలో ఉండటమే మేలు. 2జీ మాటలకు సరే, రోజువారీ డేటాకు మాత్రం పనికిరాదు. ఇలా ఎందుకంటున్నానో చెబుతాను.

ముందు గీతల సంగతి తేల్చుకోవాలి. టవర్ పంపే తరంగం మన ఫోనుకు ఎంత బలంగా చేరుతోందో మాత్రమే అవి చెబుతాయి. మన ఫోను పంపేది టవర్‌కు చేరుతోందా, ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారు, టవర్ వెనకున్న కేబుల్ బాగుందా అనే మూడు విషయాలూ గీతల్లో ఉండవు. టవర్ పదుల వాట్లతో ప్రసారం చేస్తుంది. ఫోను పంపగలిగేది సాధారణంగా వాటులో అయిదో వంతు. అందుకే టవర్ మాట మనకు వినిపిస్తున్నా మన మాట దానికి వినిపించని దూరం ఒకటి ఉంటుంది.

5జీలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. 5జీని రెండు పద్ధతుల్లో నడుపుతారు. ఒకటి పూర్తిగా సొంతంగా నడిచేది, రెండోది 4జీ ఆసరాతో నడిచేది. రెండో పద్ధతిలో ఫోను ముందు 4జీ టవర్‌ను పట్టుకుంటుంది. వేగం కోసం దానికి అదనంగా 5జీని జోడిస్తారు. 'ఇక్కడ 5జీ జోడించే వీలుంది' అని 4జీ టవర్ ప్రకటిస్తే చాలు, చాలా ఫోన్లు పైన 5జీ గుర్తు వేసేస్తాయి. పక్కన చూపే గీతలు మాత్రం చాలా ఫోన్లలో 4జీ బలానివే. అంటే గుర్తు ఒకదానిది, గీతలు ఇంకొకదానివి. అసలు 5జీ తరంగం బలహీనంగా ఉన్నా ఆ సంగతి తెరమీద తెలియదు. పైగా మన దేశంలో 5జీకి ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు, 4జీకి వాడే 850, 900, 1800 తరంగాలంత దూరం పోవు. గోడలనూ అంత సులువుగా దాటవు.

ఇందుకూరుపేట మండలంలో మైపాడు వైపు, టవర్‌కు కాస్త దూరంగా ఉన్న ఒక రొయ్యల గుంట గట్టును ఊహించుకోండి. మేత బస్తాలు దిగాయి, లారీ డ్రైవర్ డబ్బుల కోసం నిలబడ్డాడు. రైతు ఫోనులో 5జీ, నిండు గీతలు. యూపీఐ మాత్రం తిరుగుతూనే ఉంది. ఇక్కడ మొదట చేయకూడనిది మళ్లీ మళ్లీ పంపడం. డబ్బు ఖాతాలోంచి పోయిందో లేదో లావాదేవీల చరిత్రలో చూసుకునే వరకు రెండోసారి నొక్కకూడదు. ఆ తర్వాత ఏరోప్లేన్ మోడ్ వేసి, పదిహేను సెకన్లు ఆగి తీసేయాలి. ఫోను మళ్లీ కొత్తగా టవర్‌ను అడుగుతుంది. సొంతంగా నడిచే 5జీలో కనెక్షన్ ఎక్కడో ఇరుక్కుంటే చాలాసార్లు దీంతోనే సరిపోతుంది.

సరిపోలేదనుకుందాం. అప్పుడు కాల్ చేసే తెరమీద ఇది కొట్టి చూడాలి:

```
*#*#4636#*#*
```

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దీనితో ఒక పరీక్ష పేజీ తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో రాదు, దానికి కంగారు పడనక్కరలేదు. వచ్చినచోట ఫోను సమాచారంలో 4జీ బలం rsrp అని, 5జీ బలం ssRsrp అని కనిపిస్తాయి. రెండూ మైనస్ అంకెలే, సున్నాకు దగ్గరగా ఉన్నదే బలమైనది. మన రైతు ఫోనులో 4జీది -84, 5జీది -117 అని ఉందనుకోండి. -84 హాయిగా సరిపోయే బలం. -117 అంటే అంచున వేలాడుతున్నట్టే. గీతలు ఆ -84ను చూసి నిండాయి, డేటా ఆ -117 మీద పోవాలని ప్రయత్నిస్తోంది. తెగిన 5జీ జోడింపును వదిలేసి 4జీ మీదే నడపాల్సింది నెట్‌వర్కే. ఆ నిర్ణయం ఆలస్యమైతే మన చెల్లింపు మధ్యలో నిలబడిపోతుంది. ఆ నిర్ణయాన్ని మనమే తీసుకోవడమే 4జీకి దిగడం.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, సిమ్ అనే వరుసలో వెళితే "Preferred network type" అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో అదే "Network mode". అక్కడ 5జీ ఉన్న వరుసను వదిలి, "LTE/3G/2G" లాంటి పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోవాలి. LTE అంటే మన 4జీయే. ఐఫోన్‌లో మొబైల్ డేటా ఆప్షన్స్‌లో "Voice & Data" తెరిచి 4G లేదా LTE అన్నది నొక్కాలి. రెండు సిమ్‌లు ఉంటే డేటా నడుస్తున్న సిమ్ మీదే ఈ మార్పు చేయాలి. ఇది చాలామంది తప్పేచోటు. గట్టు మీద ఇలా మార్చాక కొన్ని క్షణాల్లో 4జీ గుర్తు వస్తుంది, చెల్లింపు పోతుంది. యూపీఐకి, వాట్సాప్‌కి, మామూలు వీడియోకి 4జీ వేగం ఎక్కువే. బ్యాటరీ కూడా కాస్త నిలుస్తుంది.

పరీక్ష పేజీలోనూ ఇదే మార్పు చేయవచ్చు. కానీ అక్కడి జాబితాలో "LTE only" ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. 4జీ మీద మాట్లాడే సౌకర్యం, అంటే వోల్టీ, ఆ సిమ్‌లో పనిచేయకపోతే ఫోను కాల్స్ కోసం కిందికి దిగలేదు. నెట్ వస్తుంది, కాల్స్ రావు, పోవు. రాత్రి ఏరేటర్ ఆగిందని గుంట దగ్గరి మనిషి ఫోను చేస్తే మోగదు.

ఇక 4జీకి ఉన్న అసలు ఖర్చు. కంపెనీలు అపరిమిత 5జీ అని ఇచ్చే ప్లాన్లలో ఆ అపరిమితం 5జీ మీద ఉన్నంతసేపే. 4జీకి దిగిన క్షణం నుంచి రోజుకు ఇచ్చిన 2 జీబీ లాంటి కోటాలోంచి తెగుతుంది. గట్టు మీద మార్చి మరిచిపోయి, ఇంటికొచ్చి హాట్‌స్పాట్‌తో టీవీ పెడితే ఆ కోటా సాయంత్రానికే అయిపోతుంది. ఆపైన వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు 4జీ గీతలు నిండుగా ఉంటాయి, నెట్ ఉండదు, 4జీ కూడా పాడైందనిపిస్తుంది. సెట్టింగ్స్ మళ్లీ కెలకక ముందు కంపెనీ యాప్‌లో ఆ రోజు మిగిలిన డేటా ఎంతో చూసుకుంటే ఈ అనుమానం తీరుతుంది.

రొట్టెల పండుగ దగ్గరి పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. మొహర్రం నెలలో నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర లక్షల మంది చేరుతారు. టవర్ దగ్గరే ఉంటుంది, 5జీ బలం నిజంగానే బాగుంటుంది. లోటు బలంలో లేదు, వంతులో ఉంది. ఒక టవర్ తన సమయాన్నీ తరంగాన్నీ అందరికీ ముక్కలుగా పంచుతుంది, అందరూ ఒకేసారి వీడియోలు పంపుతుంటే మన ముక్క రావడానికి ఆలస్యమవుతుంది. ఇక్కడ 4జీకి దిగితే 5జీ లేని ఫోన్లన్నీ ఉన్న గుంపులోకి మనం కూడా దిగినట్టే. పైగా 5జీకి ఇచ్చిన తరంగపు వెడల్పు చాలాచోట్ల 4జీ కన్నా ఎక్కువ. కాబట్టి 5జీలోనే ఉండి, వీడియో మానేసి అక్షరాల్లో సందేశం పంపడం, లేదా చెరువు ఒడ్డు దాటి కొంత దూరం నడవడం మేలు.

టవర్ వెనకున్న కేబుల్ తెగితే 5జీ, 4జీ రెండూ ఒకేసారి పోతాయి. పక్కవారి ఫోనులో అదే కంపెనీ సిమ్ కూడా అలాగే ఉంటే మన సెట్టింగ్స్‌తో పనిలేదు. రెండో కంపెనీ సిమ్‌కు డేటా మార్చుకోవడమే దారి. మరో చిన్న సంగతి: పక్కవారికి అదే కంపెనీ సిమ్ మీద నెట్ వస్తూ, మన ఫోనులో మాత్రం ఏ సైటూ రాకపోతే తప్పు నెట్‌వర్క్‌ది కాకపోవచ్చు. సైట్ల పేర్లను బట్టి వాటి చిరునామాలు వెతికే "Private DNS" అన్నచోట ఎవరో ఏదో పేరు రాసి ఉండవచ్చు. దాన్ని ఆటోమేటిక్‌కు మార్చాలి.

మిగిలింది 3జీ, 2జీ. 2016లో 4జీతోనే మొదలైన జియోకు ఈ రెండూ లేవు. ఆ సిమ్‌కు "3G/2G" పెడితే ఫోను నెట్‌వర్కే లేదంటుంది. ఎయిర్‌టెల్ తన 3జీని ఎప్పుడో ఆపేసింది, 2జీ మాత్రం ఉంచింది. ఆ 2జీ మీద మంచి చోట కూడా డేటా నత్తనడకన కదులుతుంది, యూపీఐ గడువు దాటి విఫలమవడం మామూలే. అయితే డేటా అక్కర్లేని *99# సేవ 2జీ మీద నడుస్తుంది, దానితో ఒకసారికి 5,000 రూపాయల వరకు పంపవచ్చు. తుఫాను రోజుల్లో అది ఉపయోగపడుతుంది. రోజువారీ వాడకానికి ఫోనును 2జీలో ఉంచడం నేను ఎవరికీ చెప్పను.

గట్టు మీద 4జీకి దిగినవారు ఊళ్లోకి రాగానే 5జీ వరుసను తిరిగి ఎంచుకోవాలి, కోటా కోసమైనా. అదే గట్టు మీద ప్రతిసారీ ఇదే జరుగుతుంటే 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయించాలి. 'నెట్ రావడం లేదు' అని ఊరుకోకుండా మండలం, ఊరు, దగ్గరి గుర్తు, సమయం చెప్పి, 'ఇక్కడ 4జీ పెడితే పనిచేస్తోంది, 5జీ పెడితే ఆగిపోతోంది' అనాలి. rsrp, ssRsrp అంకెలున్న తెర ఫొటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది. ఆ అంకెలుంటే ఇంజనీరుకు ఏ టవర్‌లో ఏ పొరను చూడాలో వెంటనే తెలుస్తుంది. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవడం మరవకండి.