చేప ముద్దలో రొయ్య జాడ: ట్రిప్సిన్ నుంచి స్పెక్ట్రం దాకా, ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

భీమవరం పక్కన మా యూనిట్‌లో ఒకే షెడ్డులో చేపా నడుస్తుంది, రొయ్యా నడుస్తుంది. చేప ముద్ద పెట్టె మీద "రొయ్య కలవలేదు" అని ముద్ర వేయాలంటే ఆ మాటకు ఆధారం ఉండాలి. రొయ్య పడనివాళ్లలో చాలామందికి ఎలర్జీ తెచ్చేది ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్. ఉడికించినా దాని ఎలర్జీ గుణం పోదు. బజార్లో దొరికే పట్టీలు రంగు మారి "ఉంది" అంటాయి గానీ ఆ రంగు దేనివల్ల మారిందో చెప్పవు. అందుకే అణువుల్ని వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ వైపు వచ్చాను. ప్రోటీన్‌ను కోసే పని మా చిన్న ల్యాబ్‌లోనే చేస్తాం. సీసాలు ఐసులో పెట్టి సిటీలో ఆ యంత్రం ఉన్నచోటికి పంపుతాం. ఫైళ్లు తిరిగొచ్చాక వెతుకులాట మళ్లీ నా కంప్యూటర్లోనే.

ఇన్నాళ్లు వాడాక నా తీర్పు ముందే చెప్పేస్తాను. పద్ధతి గట్టిది, కొనసాగిస్తాను. ప్రోగ్రామ్ ఇచ్చే స్కోరు ఒక్కటే చూసి సంతకం పెట్టను, స్పెక్ట్రం తెరిచి చూస్తాను. ఆ స్పెక్ట్రం బాగుంటుందా లేదా అన్నది చాలావరకు మన ట్యూబులోనే తేలిపోతుంది.

ట్రిప్సిన్ గురించి ముందు చెప్పాలి. ఈ ఎంజైమ్ ప్రోటీన్‌ను లైసిన్ (K), ఆర్జినిన్ (R) అనే అమైనో ఆమ్లాల తర్వాత మాత్రమే కోస్తుంది. పక్కన ప్రోలిన్ ఉంటే సాధారణంగా కోయదు. ఈ నియమం వల్లే రొయ్య ట్రోపోమయోసిన్‌లోంచి ఏ ముక్కలు, అంటే పెప్టైడ్లు, వస్తాయో ముందే కాగితం మీద రాసుకోవచ్చు. నేను వెతికే ముక్క IVELEEELR, ఇందులో ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం. మనిషితో సహా వెన్నెముక ఉన్న జీవుల ట్రోపోమయోసిన్‌లోనూ ఇదే చోట ఒక ముక్క వస్తుంది, మనిషిలో ఒక రకం ట్రోపోమయోసిన్‌లో అది CSELEEELK. మధ్య భాగం ఒకటే, రెండు చివర్లూ వేరు. చేప ముద్దలో IVELEEELR కనిపించిందంటే అది చేపది కాదు.

కోత పని ఇలా చేస్తాం. ముద్దను 8 మోలార్ యూరియాలో కరిగించి, డీటీటీతో సల్ఫర్ బంధాలు విడదీసి, అప్పటికప్పుడు కలిపిన అయోడోఎసిటమైడ్‌తో అరగంట చీకట్లో ఉంచుతాం. తర్వాత అమ్మోనియం బైకార్బొనేట్‌తో యూరియాను 1 మోలార్‌కు పలచన చేస్తాం, లేకపోతే ట్రిప్సిన్ సరిగా పనిచేయదు. 100 మైక్రోగ్రాముల ప్రోటీన్‌కు 2 మైక్రోగ్రాముల ట్రిప్సిన్ వేసి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. పొద్దున ఫార్మిక్ యాసిడ్ వేసి ఆపేసి, సీ18 టిప్పులో ఉప్పు కడిగేస్తాం.

పుస్తకం చదివితే ఇదంతా తేలికే. మన వేసవిలో మాత్రం యూరియా ఏడిపిస్తుంది. నీళ్లలో యూరియా కొద్దికొద్దిగా సయనేట్‌గా మారుతుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా త్వరగా మారుతుంది. ఆ సయనేట్ ప్రోటీన్‌లోని లైసిన్‌కూ, పెప్టైడ్ మొదటి చివరకూ అంటుకుంటుంది. దీన్ని కార్బమైలేషన్ అంటారు, బరువు 43.006 పెరుగుతుంది. మే నెలలో కరెంటు పోయి గది 40 డిగ్రీలు దాటితే, బల్ల మీద ఉన్న యూరియా సీసాలో ఈ పని మౌనంగా జరిగిపోతుంది. దెబ్బ రెండు వైపులా తగులుతుంది. సయనేట్ అంటుకున్న లైసిన్ దగ్గర ట్రిప్సిన్ కోయదు. మన ముక్కకు ముందున్నది లైసినే కాబట్టి అక్కడ కోత పడకపోతే IVELEEELR అసలు విడిపోదు. విడిపోయిన వాటిలో కొన్నింటికి మొదటి చివర బరువు పెరిగి, వెతికినచోట దొరకవు. పాజిటివ్‌గా రావాల్సిన నమూనా "లేదు" అని వస్తుంది. భయపడాల్సింది ఈ రకం తప్పుకే.

ఇది జరిగిందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. యంత్రం చూపేది m/z, అంటే బరువును ఛార్జీతో భాగించిన అంకె. అసలు ముక్క రెండు ఛార్జీలతో m/z 565.31 దగ్గర కనిపించాలి. సయనేట్ అంటుకున్నది 586.81 దగ్గర ఉంటుంది. ఆ రెండో శిఖరం పెద్దదైతే నమూనా పక్కన పెట్టి కొత్తగా కోస్తాను. ఇప్పుడు వేసవిలో యూరియా మానేసి 1 శాతం సోడియం డీఆక్సీకోలేట్ వాడుతున్నాం. చివర్లో యాసిడ్ వేయగానే అది తెల్లగా విరిగి అడుగుకు పోతుంది, సెంట్రిఫ్యూజ్ తిప్పి పైతేట తీసుకుంటే చాలు. నా మటుకు మొత్తం పనిలో అన్నిటికన్నా లాభం తెచ్చిన మార్పు ఇదే.

ఇక యంత్రం లోపల. పెప్టైడ్లు కాలమ్ నుంచి ఒక్కొక్కటిగా బయటికొచ్చి ఛార్జీ ఎక్కించుకుంటాయి. ట్రిప్సిన్ ముక్కకు మొదట ఒక ఎమైన్, చివర R గానీ K గానీ ఉండడం వల్ల ఎక్కువగా రెండు ప్రోటాన్లు పట్టుకుంటాయి. ఐసోటోప్ శిఖరాల మధ్య దూరం ఒకటి కాకుండా అర ఉంటే రెండు ఛార్జీలని అర్థం. యంత్రం 565.31ని విడిగా పట్టుకుని, నైట్రోజన్ అణువులతో ఢీకొట్టించి విరుస్తుంది. విరుగుడు ఎక్కువగా పెప్టైడ్ బంధం దగ్గరే జరుగుతుంది. ఎడమ చివర ఉన్న ముక్కల్ని b అనీ, కుడి చివర ఉన్న వాటిని y అనీ పిలుస్తారు.

నేను ఎప్పుడూ y వరుసతో మొదలుపెడతాను. 175.12 దగ్గర గీత ఉంటే చివర R ఉన్నట్టు. తర్వాతి గీత 288.20, తేడా 113.08, అంటే L. అక్కడి నుంచి 417.25, 546.29, 675.33. ఒక్కో అడుగుకూ 129.04 చొప్పున మూడు సమానమైన మెట్లు, మూడు E లు. ఈ మూడు మెట్లు కనిపించగానే సగం టెన్షన్ పోతుంది. ఆపైన 788.41 మళ్లీ L, 917.46 మళ్లీ E, 1016.53 దగ్గర V. అవతలి వైపు నుంచి b2 213.16 దగ్గర ఉంటే మొదటి రెండూ I, V అని సరిపోతుంది. సయనేట్ అంటుకున్న ముక్కలో y మెట్లన్నీ ఇవే ఉంటాయి, b2 మాత్రం 256.17కు జరుగుతుంది. బరువు ఏ చివర ఎక్కిందో అక్కడే తెలిసిపోతుంది.

ఒక పరిమితి ఇక్కడే చెప్పాలి. I, L రెండింటి బరువూ అచ్చం ఒకటే. ఈ మెట్లు చూసి ఇది IVELEEELR అంటున్నామంటే, ఆ వరుస డేటాబేస్‌లో ఉంది కాబట్టే అంటున్నాం.

వెతకడానికి నేను వాడేది కామెట్ అనే ప్రోగ్రామ్. ఉచితం, మామూలు కంప్యూటర్లో నడుస్తుంది. 1994లో జిమ్మీ ఎంగ్, జాన్ యేట్స్ బృందం తెచ్చిన సీక్వెస్ట్ పద్ధతికి ఇది వారసురాలు. డేటాబేస్‌లోని ప్రతి ప్రోటీన్‌నూ లెక్కల్లోనే కోసి, బరువు కుదిరిన ముక్కలు ఎలా విరుగుతాయో వేసుకుని మన స్పెక్ట్రంతో పోలుస్తుంది. నా సెట్టింగుల్లో ముఖ్యమైనవి ఇవి:

```
search_enzyme_number = 1
allowed_missed_cleavage = 2
add_C_cysteine = 57.021464
fragment_bin_tol = 0.02
decoy_search = 1
```

నాలుగో లైను మీద కన్నేసి ఉంచండి. పాత అయాన్ ట్రాప్ డేటాకు అక్కడ 1.0005 వేస్తారు. ఆర్బిట్రాప్ లాంటి యంత్రం ఇచ్చిన సన్నని గీతలకు అదే వదిలేస్తే, దశాంశాల్లో ఉన్న సమాచారమంతా వృథా. ఐదో లైను తలకిందులు చేసిన దొంగ వరుసల్ని డేటాబేస్‌లో కలుపుతుంది. వాటిలో ఎన్ని గెలిచాయో చూసి, అసలు జాబితాలో ఎన్ని తప్పులు ఉండవచ్చో అంచనా వేస్తాం. 1 శాతం ఎఫ్‌డీఆర్ అంటే వెయ్యి పేర్ల జాబితాలో పది దాకా తప్పు కావచ్చని. ఆ పది ఏవో అది చెప్పదు. నాకు కావాల్సింది ఒకే ఒక్క పెప్టైడ్ కాబట్టి జాబితాకు ఇచ్చిన హామీ నాకు చాలదు. మెట్లు కళ్లతో చూడాలనడం అందుకే. డేటాబేస్‌లో చేప, రొయ్యలతో పాటు మనిషి కెరటిన్, ట్రిప్సిన్ వరుసలు కూడా పెట్టండి. లేకపోతే మన చర్మం నుంచి రాలిన పెప్టైడ్ కూడా రొయ్య పేరు తగిలించుకుని వస్తుంది.

ఒకసారి వచ్చిన చేప ముద్ద ఫైలులో IVELEEELR ఉంది, మెట్లన్నీ ఉన్నాయి, స్కోరూ బాగుంది. అయినా అనుమానమేసి, యంత్రంలో నమూనాలు ఏ వరుసలో నడిపారో అడిగాను. దీనికి ముందు నడిచింది మా రొయ్య స్టాండర్డే. ఖాళీ ద్రావణం నడపమంటే అందులోనూ అదే ముక్క, అదే నిమిషానికి, చిన్నగా వచ్చింది. కాలమ్‌లో మిగిలిపోయిన పాత పెప్టైడ్ అది. శుభ్రం చేసి మళ్లీ నడిపితే చేప ముద్దలో ఏమీ లేదు. అప్పటి నుంచి పంపే చీటీ మీదే వరుస రాసి పంపుతున్నాం: ముందు ఖాళీ, తర్వాత చేప నమూనాలు, ప్రతి దాని మధ్యా ఖాళీ, రొయ్య స్టాండర్డ్ చిట్టచివర.

ఇంకో మెలిక కూడా ఉంది. IVELEEELR పీతలోనూ ఉంది, కొన్ని కీటకాల్లోనూ ఉంది. కాబట్టి ఈ ఒక్క ముక్కతో "రొయ్య" అని రాయను, "రొయ్య, పీత జాతి ఉండవచ్చు" అని మాత్రమే రాస్తాను. రొయ్య అనే చెప్పాలంటే ఆర్జినిన్ కైనేజ్ లాంటి వేరే ప్రోటీన్‌లోంచి మిగతా జీవుల్లో లేని ముక్క ఇంకోటి దొరకాలి.

మా సూపర్‌వైజర్ గారు ఒకరోజు అడిగారు: "ఏవండీ, ఇది పులసో, సముద్రంలో పట్టిన విలసో చెప్పెయ్యొచ్చాండి దీంతో?" మన జిల్లాల్లో వేలు పెట్టి కొనే చేప కదా, అడగాల్సిన ప్రశ్నే. ఈ పద్ధతితో చెప్పలేం. రెండూ ఒకే జాతి, తెనువాలోసా ఇలీషా. నదిలోకి ఎదురెక్కినంత మాత్రాన ప్రోటీన్ వరుస మారదు కాబట్టి ముక్కలూ అవే, మెట్లూ అవే. ఏ ప్రోటీన్ ఎంత ఉందన్నది మారవచ్చు గానీ అది గుర్తింపు పని కాదు, కొలత పని.

ఆ కొలతే నాకు ఇంకా సగం తీరిన అవసరం. కొనేవాళ్లు "ఉందా" అని ఆగరు, "ఎంత ఉంది" అంటారు. శిఖరం ఎత్తు చూసి అంకె చెప్పడం సరికాదు, పక్కన కొలబద్ద కావాలి. దానికి R లోని కార్బన్లు, నైట్రోజన్లు బరువైన రకంతో తయారుచేసిన IVELEEELR దొరుకుతుంది. బరువు 10.008 ఎక్కువ, కాబట్టి 570.31 దగ్గర వస్తుంది, y1 కూడా 185.13కు జరుగుతుంది. రెండూ ఒకే నిమిషానికి కాలమ్ దిగుతాయి, ఎత్తుల నిష్పత్తి చూస్తే లెక్క తేలుతుంది. అయితే అది ముందే కోసి ఉన్న ముక్క. మన ట్యూబులో ట్రిప్సిన్ సగమే కోసి ఉంటే ఆ లోటు దానికి తెలియదు, అంకె తక్కువగా వస్తుంది. అందుకే రొయ్య లేదని తేలిన చేప ముద్దలో తెలిసినంత రొయ్య కలిపి, మొదటి నుంచీ అన్ని దశలూ దాటించి, ఎంత తిరిగి వస్తుందో చూస్తున్నాను. తిరిగి వచ్చే వంతు వేసవిలోనూ చలికాలంలోనూ ఒకేలా వచ్చేదాకా రిపోర్టులో అంకె వేయను, "కనిపించింది", "కనిపించలేదు" అనే రాస్తాను.