పోస్ట్‌పెయిడ్ ఆప్‌లో బిల్లు పేజీ: చాలాకాలం వాడాక నా మాట

బిల్లు కట్టడం, ప్లాన్ మార్చడం వంటివి ఈ ఆప్‌లో ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే. నా కోపమంతా ఒక్క చోటే. బిల్లు తెరవగానే మొదట కనిపించే పేజీలో అద్దె, ఇతర ఛార్జీలు, పన్ను, మొత్తం అని నాలుగే వరుసలుంటాయి. ఆ రెండో వరుసలో ఏముందో అక్కడ నొక్కినా తెలియదు. మా ఇంట్లో ఒక పెద్దావిడ, ఆవిడ మనవడు కలిసి ఆ వరుసను విప్పిన తీరు చెబితే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

అమ్మమ్మ ఉండేది తెనాలిలో, మనవడు హైదరాబాద్‌లో. ఆవిడ ప్లాన్ 399 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 470.82. బ్యాంకు నుంచి దానంతటదే కట్ అవుతుంది కాబట్టి బిల్లు ఎవరూ తెరవరు. అయితే పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే బ్యాంకు మెసేజ్‌లో వచ్చిన అంకె కూడా రాసుకోవడం ఆవిడకు అలవాటు. జనవరి బిల్లుకు 529.82 కట్ అయింది.

"ఒరేయ్ నాన్నా, యాభై తొమ్మిది ఎక్కువ పోయింది. ఫోన్లు ఎక్కువ చేశానంటావా?"

"నీ ప్లాన్‌లో ఎన్ని చేసినా అంతే అమ్మమ్మా. బిల్లు స్క్రీన్‌షాట్లు పంపు."

మొదట వచ్చింది ఆ నాలుగు వరుసల పేజీయే. అది వంద పంపినా ఉపయోగం లేదు. ఆప్‌లోనే పీడీఎఫ్ బిల్లు దించుకోవచ్చు. వివరాలన్నీ అందులోని చివరి పేజీల్లో ఉంటాయి. రెండోసారి ఆవిడ ఆ పేజీలు తీసి పంపింది కానీ తెర అడుగున సగం వరుస తెగిపోయింది. అలా కాకుండా ముందు స్క్రీన్‌షాట్‌లోని చివరి రెండు వరుసలు తర్వాతిదాని పైన మళ్లీ కనిపించేలా తీయాలి. అప్పుడు మధ్యలో ఏదీ జారిపోదు.

చాలామంది పొరబడేది ఆ తర్వాతే. బిల్లులో 59 కోసం వెతుకుతారు, అది ఎక్కడా దొరకదు. వివరాల పేజీలోవి పన్నుకు ముందు మొత్తాలు కాబట్టి ఆ తేడాను 1.18తో భాగించాలి. 59కి 50 వస్తుంది. తీరా చూస్తే 50 కూడా లేదు. VAS, అంటే అదనపు సేవలు, అనే శీర్షిక కింద జనవరి 18న 25, జనవరి 25న మరో 25 ఉన్నాయి.

"రెండు తేదీలకీ మధ్య సరిగ్గా ఏడు రోజులు. అంటే ఇది వారం చందా అమ్మమ్మా. ఫిబ్రవరి ఒకటిన కూడా పడే ఉంటుంది."

"అంటే నెలంతా పడితే?"

"నాలుగు వారాలకు వంద, పన్నుతో నూట పద్దెనిమిది."

ఆపడానికి ఆవిడ నంబరు నుంచే 155223కి `STOP` అని మెసేజ్ పంపాలి, మనవడి ఫోన్ నుంచి పంపితే పనిచేయదు. నడుస్తున్న సేవల జాబితా తిరిగి వస్తుంది. అందులో ఆపాల్సినది ఎంచుకుని మళ్లీ జవాబివ్వాలి. మొదటి మెసేజ్‌తో పని అయిపోయిందనుకుని ఊరుకుంటే చందా అలాగే నడుస్తుంది. ప్లే స్టోర్‌లో తీసుకున్న చందా ఫోన్ బిల్లులో పడుతుంటే మాత్రం దాన్ని ప్లే స్టోర్‌లోనే రద్దు చేయాలి. ఆప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు.

డబ్బు వెనక్కి రావాలంటే కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి, దానికి గుర్తుగా ఇచ్చే డాకెట్ నంబరు తీసుకోవాలి. ఇలాంటి సేవ మొదలుపెట్టాలంటే కంపెనీ వినియోగదారు నుంచి రెండుసార్లు అంగీకారం తీసుకోవాలని 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. అందుకే "ఎందుకు పడింది" అని కాకుండా "నా రెండో అంగీకారం ఏ తేదీన, ఎలా నమోదైంది" అని అడగాలి. ఫోన్‌లో ఏదో ప్రకటన మీద చెయ్యి తగిలిందేమోనని అమ్మమ్మ అనుమానం. ఆ ప్రశ్నకు కంపెనీ దగ్గర జవాబు లేకపోయింది, రెండు పాతికలూ పన్నుతో సహా తర్వాతి బిల్లులో తగ్గించింది. ఫిబ్రవరి ఒకటిన పడిన పాతిక మాత్రం పన్నుతో 29.50గా ఆ బిల్లులో కనిపించింది. ఆపిన తర్వాత కూడా ఇలా ఒక వరుస వస్తే భయపడనక్కర్లేదు. తేదీ ఆపిన రోజుకు ముందుదా, తర్వాతదా అన్నది చూసుకుంటే చాలు. ముందుదైతే దానికి మరో ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

ఈ ఆప్‌లో బిల్లు చూడటం చాలా సులువని ఇదివరకు పలువురికి చెప్పాను. మొత్తం ఎంతో చూడటానికి ఇప్పటికీ సులువే. ఎందుకు అంతయిందో చూడాలంటే పీడీఎఫ్ తప్ప దారి లేదు. స్థిరమైన ప్లాన్ ఉండి, కట్ అయ్యే అంకె గుర్తుండేవాళ్లకు ఆప్ సరిపోతుంది. మా ఇంట్లోలాగా పెద్దవాళ్ల ఫోన్ ఒక ఊళ్లో, లెక్క చూసేవాళ్లు ఇంకో ఊళ్లో ఉంటే, పీడీఎఫ్ బిల్లు మనవడి ఈమెయిల్‌కు వచ్చేలా పెట్టుకోవడం నయం. ఆ వీలున్నంతకాలం మేము కంపెనీ మారబోవడం లేదు.